పద్దెనిమిదో వరుసలో ఏడుస్తున్న పాప: క్యాబిన్ క్రూ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న వెనక ఉన్న ప్రశ్నలు

(కడపలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థుల కోసం, గతంలో క్యాబిన్ క్రూగా, తర్వాత శిక్షకురాలిగా పనిచేసిన ఒకరు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో విద్యార్థుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మాది ప్రొద్దుటూరే. మేడం అనక్కర్లేదు, అక్కా అనండి చాలు.

క్యాబిన్ క్రూ అనగానే మీరు మొదట అడిగేవి నాకు తెలుసు. ఎత్తు ఎంత ఉండాలి, రంగు చూస్తారా, ఇంగ్లిష్ ఎంత రావాలి. ఎత్తు సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశంలో చాలా కంపెనీలు అమ్మాయిలకు 155 సెంటీమీటర్ల దగ్గర గీత గీస్తాయి. ఎమిరేట్స్ వాళ్ళయితే 160 అడుగుతారు, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి పైకి చాపితే 212 సెంటీమీటర్లు అందాలంటారు. దీనికీ అందానికీ సంబంధం లేదు. విమానంలో మంటలార్పే సిలిండర్లు, ఆక్సిజన్ సీసాల్లాంటివి కొన్ని తలపై అరల్లో ఉంటాయి. అవసరమైనప్పుడు స్టూలు వేసుకుని ఎక్కే వీలుండదు కదా. ఇక వయసు, చదువు, బరువు లాంటివి ప్రతి నోటిఫికేషన్‌లోనూ రాసి ఉంటాయి, చదువుకోండి. రంగు గురించి అందులో ఉండదు, మీరూ దాని గురించి టెన్షన్ పడకండి.

ఇవాళ నేను ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఇంటర్వ్యూలో మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇలాంటి ప్రశ్న దగ్గరే. "ఫలానా పరిస్థితి వచ్చింది, మీరేం చేస్తారు?" అని అడుగుతారు. కొన్నిచోట్ల నోటితో చెప్పమంటారు. కొన్నిచోట్ల ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఒకరు కుర్చీలో కూర్చుని ప్యాసింజర్‌లా కోపంగా మాట్లాడతారు, మీరు ఎదురుగా నిలబడి జవాబివ్వాలి. దాన్ని రోల్ ప్లే అంటారు.

ప్రశ్న ఇది. మీరు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో ఉన్నారు. ఎయిర్‌బస్ 320, నూట ఎనభై సీట్లది. మధ్యలో నడవ, అటు మూడు సీట్లు, ఇటు మూడు సీట్లు. పద్దెనిమిదో వరుసలో కిటికీ పక్కన ఒక తల్లి, ఒళ్ళో పాప. పాప ఏడుపు ఆపడం లేదు. మధ్య సీట్లో ఉన్నాయన మిమ్మల్ని పిలిచి, "నేను డబ్బులు పెట్టి టికెట్ కొన్నాను. రేపు పొద్దున నాకు మీటింగ్ ఉంది. నన్నైనా మార్చండి, ఆమెనైనా మార్చండి" అంటాడు. మీరేం చేస్తారు?

ఇప్పుడు నేను ఎక్కువగా విన్న జవాబు చెప్తాను. "ముందు సారీ చెప్తాను. నవ్వుతూ మాట్లాడతాను. పాపకి చాక్లెట్ ఇస్తాను. ఖాళీ సీటుంటే ఆయన్ని అక్కడ కూర్చోబెడతాను." (నవ్వులు) నవ్వకండి, ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఇదే చెప్తారు. ఈ జవాబులో మర్యాద ఉంది, మంచితనం ఉంది. విమానం మాత్రం లేదు. ఇదే జవాబు హోటల్లో చెప్పొచ్చు, బట్టల షాపులో చెప్పొచ్చు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు వెతికేది ఈ మనిషి విమానంలో ఉన్నట్టు ఆలోచిస్తోందా లేదా అన్నది.

చాక్లెట్ సంగతే చూడండి. నెలల పిల్ల అయితే గొంతుకు అడ్డం పడుతుంది. కాస్త పెద్దదైనా ఏది పడుతుందో, ఏది పడదో తల్లికే తెలుస్తుంది. తల్లిని అడగకుండా పాప చేతికి తినేదేదీ ఇవ్వకూడదు. చాక్లెట్ మాట వినగానే బల్ల అవతలున్న మనిషి కాగితం మీద ఏదో రాసుకుంటుంది, అది మీకు మార్కు కాదు.

తర్వాత "ఖాళీ సీటుంటే" అన్నారు. ఆవిడ వెంటనే అంటుంది, "మంచిది. మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. మొదటి వరుసలో ఒకటి, పన్నెండో వరుసలో ఒకటి, ఇరవై ఒకటో వరుసలో కుడివైపు మధ్య సీటు ఒకటి. ఆ ఇరవై ఒకటిలో కిటికీ పక్కన ఇంకో తల్లి, ఇంకో బిడ్డ ఉన్నారు. చెప్పండి, ఎవర్ని ఎక్కడికి మారుస్తారు?" అసలు ఇంటర్వ్యూ ఇక్కడ మొదలవుతుంది. ఇప్పటిదాకా జరిగింది పలకరింపే.

ముందు తల్లినీ పాపనీ ఇరవై ఒకటికి మారిస్తే ఏమవుతుందో చూద్దాం. ఈ రకం విమానంలో మామూలుగా మూడు సీట్ల పైన నాలుగు ఆక్సిజన్ మాస్కులుంటాయి. ముగ్గురు మనుషులకు మూడు, ఒళ్ళో బిడ్డ ఉంటే ఆ బిడ్డకు ఒకటి. అంటే ఆ మూడు సీట్లలో ఒళ్ళో బిడ్డ ఒక్కరే ఉండాలి. పద్దెనిమిదిలో పాపను తీసుకెళ్ళి ఇరవై ఒకటిలో కూర్చోబెడితే అక్కడ పెద్దవాళ్ళు ముగ్గురు, బిడ్డలు ఇద్దరు అవుతారు. ఐదుగురికి నాలుగు మాస్కులు. అందుకే ఇది కుదరదు. పక్కవాళ్ళు ఒప్పుకున్నా, ఆ తల్లే అడిగినా కుదరదు. ఉద్యోగంలో చేరకముందే మీకిది తెలిసి ఉండాలని ఎవరూ అనుకోరు. కానీ "బిడ్డతో ఉన్నవాళ్ళ సీటు మార్చే ముందు భద్రత నియమం ఏమైనా ఉందేమో మా ఇన్‌ఛార్జిని అడుగుతాను" అనగలిగితే చాలు. తెలిసి చెప్తే ఇంకా మంచిది.

ఆయన్నే ఇరవై ఒకటికి మారుస్తామా? మాస్కుల లెక్క సరిపోతుంది. కానీ అక్కడా పక్కనే ఇంకో బిడ్డ ఉంది. ఆయన ఒక ఏడుపు నుంచి లేచి ఇంకో ఏడుపు పక్కన కూర్చున్నట్టు అవుతుంది. (నవ్వులు) ఆ సంగతి చెప్పకుండా మార్చారనుకోండి, పావుగంటలో మళ్ళీ పిలుస్తాడు, ఈసారి గొంతు ఇంకాస్త పెద్దదవుతుంది. చెప్పి మారిస్తే అది ఆయన నిర్ణయం. "సార్, ఒక సీటుంది, కానీ అక్కడ కూడా చిన్న బిడ్డ ఉంది, ఇప్పుడు నిద్రపోతోంది. మీకు ఫర్వాలేదా?" ఈ ఒక్క వాక్యం చెప్పిన అభ్యర్థిని ఇంటర్వ్యూలో గుర్తుపెట్టుకుంటారు.

పన్నెండో వరుస. ఈ విమానంలో రెక్కల మీదికి తెరుచుకునే అత్యవసర ద్వారాలు ఈ చుట్టుపక్కలే ఉంటాయి. అక్కడ ఎవరు పడితే వాళ్ళు కూర్చోకూడదు. చిన్నపిల్లలు, గర్భిణులు, నడవడానికి సాయం కావాల్సినవాళ్ళు పనికిరారు. అవసరం వస్తే ఆ ద్వారం తెరవడానికి సిద్ధంగా ఉండాలి, మేం చెప్పేది అర్థం కావాలి. టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ కాళ్ళ దగ్గర బ్యాగు ఉండకూడదు. కాబట్టి తల్లీ పాపల్ని అక్కడ కూర్చోబెట్టడం అన్న ఆలోచనే రాకూడదు. ఆ పెద్దమనిషి ఆరోగ్యంగా ఉన్నాడు, మాట అర్థమవుతుంది, కూర్చోవచ్చు. కానీ చిక్కు ఇంకోటుంది. కాళ్ళు చాపుకునే వీలుంటుందని ఆ సీటును చాలా కంపెనీలు ఎక్కువ ధరకు అమ్ముతాయి. మొదటి వరుసా అంతే. డబ్బు కట్టినవాళ్ళు అదే వరుసలో కూర్చుని ఉండగా, గట్టిగా అరిచినాయనకు అది ఉచితంగా ఇస్తే వాళ్ళు ఊరుకుంటారా? కాబట్టి ఇది మీరు తీసుకునే నిర్ణయం కాదు. క్యాబిన్ ఇన్‌ఛార్జి తీసుకునేది. ఒక్కో కంపెనీలో ఆ మనిషిని లీడ్ అంటారు, సీనియర్ అంటారు, పేరు ఏదైనా సరే.

మీ జవాబులో రావాల్సిన ఇంకో మాట సమయం. విమానం ఇంకా నేల మీదే ఉందా, గాల్లోకి వెళ్ళాక అడిగాడా, దిగబోతూ అడిగాడా? ఇంటర్వ్యూలో మీరే తిరిగి అడగొచ్చు. "మేడం, ఇది టేకాఫ్‌కి ముందా, తర్వాతా?" అని అడగడం తప్పు కాదు, అడిగినవాళ్ళని మెచ్చుకుంటారు. ఎందుకంటే ముందు ఎంతమంది, వెనక ఎంతమంది అన్న లెక్క మీద విమానం బరువు, సమతూకం ఆధారపడతాయి. నిండా జనం ఉన్న పెద్ద విమానంలో ఒక్క మనిషి మూడు వరుసలు జరిగితే పెద్ద తేడా రాదు. మన కడప నుంచి హైదరాబాద్ వెళ్ళే ఏటీఆర్ లాంటి చిన్న విమానంలో జనం తక్కువున్నప్పుడు టేకాఫ్ అయ్యేదాకా సీట్లు మారొద్దని చెప్తారు, మీలో ఎక్కినవాళ్ళు విని ఉంటారు. నేల మీద ఉండగా సీట్లు మార్చాలంటే ఇన్‌ఛార్జి ద్వారా కెప్టెన్ దాకా మాట వెళ్ళాల్సి రావచ్చు.

దిగబోయేటప్పుడు అయితే ఇంకో సంగతి. పదివేల అడుగుల కింద కాక్‌పిట్‌కు భద్రత విషయం తప్ప వేరే మాట వెళ్ళకూడదు. ఆ సమయంలో పైలట్ల చూపంతా పని మీదే ఉండాలని ఆ నియమం. సీటు గొడవ కోసం ఇంటర్‌కామ్ ఎత్తానని చెప్పారా, ఆ ఒక్క మాటతోనే జవాబు చెడిపోతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఆయన్ని బెల్టు పెట్టుకుని కూర్చోమనడం, దిగాక మాట్లాడతామనడం.

ఇక పాప. ఫిర్యాదు చేసినాయన చుట్టూ ఇంతసేపు తిరిగాం, ఏడుస్తున్నది ఎవరో మర్చిపోయాం. చాలామంది జవాబుల్లో తల్లి అసలు కనబడదు. ఆమె భయపడి, సిగ్గుపడి, నలుగురూ తననే చూస్తున్నారని కుంగిపోయి ఉంటుంది. విమానం దిగేటప్పుడు ఏడుపు ఎక్కువవడానికి కారణం చెవి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి మారుతుంటే చెవి లోపలి ఒత్తిడి దానితో సమానం కావాలి. పెద్దవాళ్ళం మింగుతాం, ఆవలిస్తాం, సరిపోతుంది. పసిబిడ్డకు చెవికీ గొంతుకూ మధ్య దారి సన్నగా ఉంటుంది, మింగమని చెప్పినా తెలీదు. అందుకే దిగే సమయంలో పాలు పట్టమనో, నోట్లో పాలపీక పెట్టమనో తల్లికి చెప్తాం. ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లగా, "అమ్మా, వేడినీళ్ళు కావాలా? పాలసీసా కలపాలా?" అని అడిగితే చాలు. మన వైపు నుంచి మొదటిసారి విమానం ఎక్కిన తల్లి అయితే తెలుగులో ఆ ఒక్క మాట వినగానే సగం కుదుటపడుతుంది. పక్కాయనకు కూడా అర్థమవుతుంది, పని జరుగుతోందని.

ఇప్పుడు మంచి జవాబు ఎలా ఉంటుందో వరసగా చెప్తాను. "ముందు ఆయన చెప్పేది పూర్తిగా వింటాను. నిద్రలేకపోతే రేపటి మీటింగ్‌కి ఇబ్బంది అన్నది నాకు అర్థమైందని ఆయన మాటల్లోనే తిరిగి చెప్తాను. సీటు మారుస్తానని మాటివ్వను, చూసి వస్తానని చెప్తాను. తల్లికి ఏం కావాలో అడుగుతాను. ఇన్‌ఛార్జికి ఖాళీ సీట్ల సంగతి, అడిగిన మనిషి సంగతి చెప్పి ఏది కుదురుతుందో అడుగుతాను. కుదిరినా కుదరకపోయినా నేనే తిరిగి వెళ్ళి చెప్తాను." నిమిషం కూడా పట్టదు. ఇందులో చివరి వాక్యం చాలామంది మర్చిపోతారు. "ఇప్పుడే వస్తా సార్" అని వెళ్ళి మళ్ళీ ఆ వైపు రాకపోవడం కంటే, వచ్చి "లేదు సార్" అనడం నయం. విమానంలో ప్యాసింజర్ కోపం పెరిగేది ఎక్కువగా ఆ ఎదురుచూపులోనే.

ఆవిడ ఇంకొంచెం లాగుతుంది. "ఆయన ఇప్పుడు లేచి నిలబడి ఆ తల్లిని తిట్టడం మొదలుపెట్టాడు." ఇక్కడ మారిన సంగతి మీరు గుర్తుపట్టాలి. ఇప్పటిదాకా అది ఫిర్యాదు, ఇప్పుడు అది దురుసు ప్రవర్తన. ఇన్‌ఛార్జిని వెంటనే పిలవాలి, ఆపమని స్పష్టంగా హెచ్చరించాలి, కెప్టెన్‌కు తెలియాలి. 2017లో మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇలాంటివాటిని మూడు స్థాయిలుగా విడదీసింది. మాటలతో, సైగలతో చేసేది మొదటిది, మూడు నెలల దాకా విమానాలెక్కకుండా నిషేధం. చెయ్యి చేసుకోవడం, తోయడం, అసభ్యంగా తాకడం రెండోది, ఆరు నెలల దాకా. ప్రాణానికీ విమానానికీ ముప్పు తెచ్చేది మూడోది, కనీసం రెండేళ్ళు. ఎంత నిషేధమన్నది మీరు తేల్చరు, కంపెనీ కమిటీ తేలుస్తుంది. అందుకే ఇంటర్వ్యూలో "నిన్ను బ్యాన్ చేయిస్తా అని చెప్తాను" అనొద్దు. అది బెదిరింపు, హెచ్చరిక కాదు. ఎవరు ఏమన్నారో, ఎప్పుడన్నారో గుర్తుపెట్టుకుని రాయడం మాత్రం మీ పని.

ఇప్పుడు టీమ్‌వర్క్ ప్రశ్న. వేరే ప్రశ్నలా వస్తుందనుకోకండి, ఇదే కథలో కలిపి అడుగుతారు. "మీరు ఇన్‌ఛార్జిని అడిగారు. పన్నెండో వరుస సీటు ఇవ్వొద్దన్నారు. తిరిగి వెళ్ళి చెప్తే ఆయన, 'ఎక్కేటప్పుడు ఇంకో అమ్మాయి ఇస్తానంది కదా' అన్నాడు. నిజమే, మీ సహోద్యోగి ఎవరినీ అడగకుండా మాటిచ్చింది. ఇప్పుడు?"

ఇక్కడ రెండు రకాల తప్పులు చూశాను. కొందరు, "ఆమె కొత్త సార్, తెలీక చెప్పింది" అంటారు. ప్యాసింజర్‌కు మీరిద్దరూ ఒకే యూనిఫాం. ఆమెను తక్కువ చేస్తే మొత్తం టీమ్ తక్కువవుతుంది, పైగా ఆయన ఇప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళి గొడవపడతాడు. ఇంకొందరు స్నేహం కోసం, "ఆమె మాటిచ్చింది కాబట్టి నేను ఇచ్చేస్తాను, ఇన్‌ఛార్జికి చెప్పను" అంటారు. ఇది ఇంకా ప్రమాదం. ఇద్దరు కలిసి మూడో మనిషి దగ్గర దాచడాన్ని ఏ కంపెనీ టీమ్‌వర్క్ అనదు.

నాకు నచ్చే జవాబు ఇలా ఉంటుంది. "సార్, మా వైపు నుంచి మీకు అలా చెప్పారు కాబట్టి మీరు ఎదురుచూడడం సహజం. మా తరఫున సారీ. ఆ సీటు ఇవ్వడం కుదరడం లేదు. ఇరవై ఒకటిలో ఒకటుంది." అంతే. ఎవరు చెప్పారన్నది ఆయన ముందు తేల్చే పని కాదు. తర్వాత గ్యాలీలో, అంటే విమానంలో తిండి సిద్ధం చేసే చోట, కర్టెన్ వెనక, ఆ అమ్మాయికి మెల్లగా చెప్పాలి. "పద్దెనిమిదిలో సార్‌కి పన్నెండు ఇవ్వడం లేదు, ఇన్‌ఛార్జి వద్దన్నారు. నిన్ను మళ్ళీ అడిగితే ఇదే చెప్పు." ఈ చివరి మాట ముఖ్యం. నాలుగు నోళ్ళూ ఒకే మాట చెప్తేనే ప్యాసింజర్ ఆగుతాడు. ఒకరి దగ్గర లేదన్నది ఇంకొకరి దగ్గర దొరుకుతుందని తెలిసిన మరుక్షణం అందరి కాల్ బటన్లూ మోగుతాయి.

"అది ఇన్‌ఛార్జికి చెప్తారా?" అని ఆవిడ అడగొచ్చు. నా అభిప్రాయం చెప్తాను, కొందరు ట్రైనర్లు ఒప్పుకోకపోవచ్చు. సేవకు సంబంధించిన చిన్న పొరపాటయితే, అది సర్దుకుపోతే, ముందు ఆ అమ్మాయితోనే మాట్లాడాలి. భద్రతకు సంబంధించిందయితే ముందూ వెనకా చూడకుండా ఇన్‌ఛార్జికి చెప్పాలి. ఈ గీత ఎక్కడుందో మీకు తెలుసని ఇంటర్వ్యూలో కనబడాలి.

భద్రత విషయంలో ఒకరి పని ఇంకొకరు చూసే అలవాటు విమానంలో ఉంది. తలుపులు మూసి బయల్దేరే ముందు ప్రతి తలుపునూ ఆర్మ్ చేస్తాం. అంటే ఆ తలుపు తెరిస్తే ప్రమాదంలో జనం దిగే జారుడుబల్ల దానంతటది బయటికి వచ్చేలా పెడతాం. గేటు దగ్గర ఆగాక దాన్ని తీసేస్తాం. తీయకుండా తెరిస్తే బల్ల దబ్బున బయటపడుతుంది. కింద మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు, విమానం ఆగిపోతుంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకని నేను నా తలుపు చూశాక, ఎదుటి అమ్మాయి తలుపు నేను చూస్తాను, నాది ఆమె చూస్తుంది. క్రాస్ చెక్ అంటారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న సీనియర్ తలుపును నిన్న చేరిన పిల్ల చూస్తుంది. "నన్నే చెక్ చేస్తావా" అని ఎవరూ అనరు. టీమ్‌వర్క్ గురించి అడిగితే "అందరితో కలిసిపోతాను" అనే బదులు, "నా పనిని ఇంకొకరు చెక్ చేస్తే తప్పుగా తీసుకోను, వాళ్ళది చెక్ చేయడానికి మొహమాటపడను" అని ఒక ఉదాహరణతో చెప్పండి.

ఉదాహరణ ఎక్కడి నుంచి తేవాలి అంటారు. మీరింకా ఉద్యోగం చేయలేదు కదా. ఒక అమ్మాయి చెప్పింది నాకు బాగా నచ్చింది. కాలేజీ నుంచి ఊరికెళ్ళే ఆర్టీసీ బస్సులో ఒకాయన కిటికీలోంచి టవలు వేసి సీటు ఆపుకున్నాడు, ముందు ఎక్కిన ముసలావిడ అందులో కూర్చుంది. (నవ్వులు) మనకిది రోజూ ఉండేదే. ఈ అమ్మాయి టవలు ఎవరిదని వాదించలేదు. ఆయనకు తన సీటు ఇచ్చి తను నిలబడలేదు కూడా, అలా చేసి ఉంటే అది త్యాగం కథ అయ్యేది. ముందు ఆవిడ ఎక్కడ దిగుతుందో అడిగింది. మైదుకూరు దగ్గర దిగుతుందట. "మైదుకూరు దాకా ఆవిడ కూర్చుంటుంది, తర్వాత మీరు కూర్చోండి, అప్పటిదాకా మీ సంచి నేను పట్టుకుంటా" అంది. కండక్టర్‌కు కూడా ఆ మాట చెప్పి పెట్టింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు కావాల్సిందంతా అందులో ఉంది. వివరం అడగడం, రెండువైపులా చూడడం, అధికారం ఉన్న మనిషికి చెప్పడం. పుస్తకంలో కథ కంఠస్థం చేసుకుని వచ్చినవాళ్ళు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక కనబడే తీరు. రోల్ ప్లేలో మీ మాటల కంటే ముందు మీ ఒళ్ళు మాట్లాడుతుంది. ప్యాసింజర్ కూర్చుని ఉంటే మీరు మీద వంగి నిలబడకండి. కాస్త పక్కకు, మోకాళ్ళు వంచి ఆయన కళ్ళ ఎత్తుకు రండి. సీటు చూపించేటప్పుడు ఒక్క వేలు చూపించకండి, అరచెయ్యి తెరిచి చూపించండి. భుజం మీద చెయ్యి వెయ్యకండి. ఆయన కోపంగా ఉండగా మీరు నవ్వితే వెక్కిరిస్తున్నారనుకుంటాడు. ఇంటర్వ్యూ అంటే ఎప్పుడూ నవ్వాలని ఎవరో మీకు చెప్పి ఉంటారు, ఆ మాట పలకరింపు వరకే. గొంతు ఆయనకంటే ఒక మెట్టు కిందికి పెట్టండి.

బట్టల సంగతి. అమ్మాయిలు జుట్టు వెనక్కి దువ్వి కొప్పు వెయ్యాలి, పిన్నులతో గట్టిగా. పూలు, గోరింటాకు, వేలాడే కమ్మలు, నిండా గాజులు ఆ రోజుకు వద్దు. ఇంట్లో నానమ్మ బాధపడొచ్చు, కానీ దీనికి కారణాలున్నాయి. పొగ నిండినప్పుడు మేం తల మీద వేసుకునే హుడ్ ఒకటుంటుంది, అది మెడ దగ్గర గట్టిగా పట్టుకోవాలి. జుట్టు మధ్యలో ఉంటే పొగ లోపలికి వస్తుంది. వేలాడే కమ్మ ఆ తొడుగుకు చిక్కుకుంటుంది. అబ్బాయిలు నున్నగా గడ్డం తీసుకుని వెళ్ళండి. యూనిఫాంలో కనబడే చోట టాటూ ఉంటే చాలా కంపెనీలు ఒప్పుకోవు. మోకాళ్ళ దాకా స్కర్టా, ప్యాంటా అన్నది పిలుపు కాగితంలోనే రాస్తారు, అదే వేసుకోండి. ఖరీదైనవి అక్కర్లేదు. ఇస్త్రీ, శుభ్రమైన గోళ్ళు, మడమ అరిగిపోని బూట్లు చూస్తారు.

ఇంకొకటి, గ్రూప్ డిస్కషన్‌లో మీరు మాట్లాడుతున్నప్పుడు కంటే వేరేవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మిమ్మల్ని ఎక్కువ చూస్తారు. ఫోన్ వైపు కన్ను పోతోందా, పక్క అమ్మాయి తడబడితే మీ మొహంలో ఏం కనబడుతోంది, అది చూస్తారు. బయట కుర్చీల్లో వేచి ఉన్నప్పుడు కూడా.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని) అక్కా, అన్నీ ఇన్‌ఛార్జిని అడుగుతా, ఇన్‌ఛార్జిని అడుగుతా అంటే నాకు సొంతంగా ఏం చేతకాదు అనుకోరా?

అనుకుంటారు, అన్నిటికీ అదే అంటే. నీ చేతిలో ఉన్నవి నువ్వే చెయ్యి. నీళ్ళు ఇవ్వడం, తల్లిని పలకరించడం, వినడం, ఖాళీ సీట్లు లెక్కపెట్టి రావడం నీవి. డబ్బు, భద్రత, ఇంకొకరి హక్కు కలిసేవి అడిగి చెయ్యాల్సినవి. అడిగేటప్పుడు కూడా ఖాళీ చేతులతో వెళ్ళకు. "ఏం చెయ్యమంటారు?" అనకు. "మూడు సీట్లున్నాయి, ఇరవై ఒకటి ఇస్తే బాగుంటుందని నా ఆలోచన, ఇవ్వనా?" అను. మన దేశంలో యాభై సీట్లకు ఒక క్యాబిన్ క్రూ అన్నది కనీస నియమం. నూట ఎనభై సీట్లకు నలుగురు. నువ్వు ఒక సీటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డావంటే, మిగతా విమానాన్ని ముగ్గురు చూస్తున్నట్టు. మన కడప ఏటీఆర్‌లో అయితే ఇద్దరే, అప్పుడు మిగిలేది ఒక్క మనిషి. నీ ఇన్‌ఛార్జికి కూడా సమయం తక్కువ, ఆలోచన నువ్వు తీసుకెళ్ళాలి.

(ఒక విద్యార్థి) అక్కా, కడపలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ముందు డబ్బు కడితే నేరుగా చివరి రౌండ్‌కి పంపిస్తామంటున్నారు. కట్టొచ్చా?

కట్టొద్దు తమ్ముడూ. కోచింగ్‌కి ఫీజు వేరు, నచ్చితే తీసుకో. ఇంటర్వ్యూకి, ఉద్యోగానికి కంపెనీలు డబ్బు తీసుకోవు. పిలుపు వచ్చిందంటే అది కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడు, లేకపోతే అది పిలుపు కాదు.

(ఒక విద్యార్థిని) మా ఇంగ్లిష్‌లో రాయలసీమ యాస వస్తుంది. రోల్ ప్లే మధ్యలో మాట దొరక్కపోతే ఏం చెయ్యాలి?

యాస ఉంటే ఉద్యోగం రాదని ఎవరన్నారు? అర్థం కాకపోతే రాదు. మనవాళ్ళం టెన్షన్‌లో వేగంగా మాట్లాడి వాక్యం చివర మింగేస్తాం, దాన్ని సరిచేసుకో. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను, చివరి మాట వినబడుతోందో లేదో తెలుస్తుంది. మధ్యలో మాట దొరక్కపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టకు. ఆగు, తెలిసిన చిన్న మాటల్లో ఆ సంగతే చెప్పు. "ఆక్సిజన్ మాస్క్" గుర్తురాకపోతే "ఆ వరుసలో ఇంకో బిడ్డకు భద్రత ఏర్పాటు లేదు" అన్నా వాళ్ళకు అర్థమవుతుంది. ఇప్పుడు టీ తాగి రండి. వచ్చాక ఇద్దరిద్దరుగా కూర్చుని పద్దెనిమిదో వరుసే చేద్దాం. ఎడమవైపు కూర్చున్నవాళ్ళంతా ప్యాసింజర్లు, కుడివైపు వాళ్ళు క్రూ. ప్యాసింజర్లు గట్టిగానే అరవండి, కానీ బయట క్లాసులు జరుగుతున్నాయి, తలుపులు వేసుకుందాం.